సగం పోతే రెట్టింపు ఎందుకు రావాలి: డ్రాడౌన్ లెక్క

వంద ఉన్న చోట యాభై మిగిలింది, అంటే పోయింది యాభై. తిరిగి వంద కావాలంటే రావలసిందీ యాభయ్యే. పోయిన మొత్తానికీ రావలసిన మొత్తానికీ ఒక్క పైసా తేడా లేనప్పుడు, ఒకదాన్ని యాభై శాతం అని, రెండోదాన్ని వంద శాతం అని ఎందుకు చెప్పవలసి వస్తోంది? ఇక్కడ మారింది లవం కాదు, హారం. నష్టాన్ని కొలిచినప్పుడు యాభైని వందతో పోల్చాము. లాభాన్ని కొలిచేటప్పుడు అదే యాభైని, చేతిలో మిగిలిన యాభైతో పోల్చవలసి వస్తుంది, ఎందుకంటే ఇకపై పనిచేసి సంపాదించగలిగినది ఆ మిగిలిన సొమ్ము మాత్రమే. పోయిన యాభై లాభం తెచ్చిపెట్టదు.

ఈ లెక్కను సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది: అవసరమైన లాభం = నష్టం ÷ (1 − నష్టం). అయితే సూత్రం కంటె సులువైన దారి ఒకటుంది. పోయినదాన్ని పక్కన పెట్టి, మిగిలిన భాగాన్ని భిన్నంగా రాసి, దాన్ని తలకిందులు చేస్తే చాలు. ఐదింట నాలుగు వంతులు మిగిలాయంటే మిగిలినది నాలుగింట ఐదు వంతులు కావాలి, అంటే మిగిలినదానిపై పావు వంతు, 25 శాతం, అదనంగా రావాలి. నాలుగింట మూడు వంతులు మిగిలితే మూడింట నాలుగు వంతులు కావాలి కనుక మూడో వంతు లాభం రావాలి. సగం మిగిలితే రెండు రెట్లు కావాలి. పదో వంతు మిగిలితే పది రెట్లు కావాలి, అంటే 900 శాతం లాభం. చిన్నప్పుడు భిన్నాల భాగహారంలో నేర్చుకున్న తలకిందుల పద్ధతే ఇక్కడా పనిచేస్తోంది.

చిన్న నష్టాల దగ్గర ఈ తేడా కంటికి ఆనదు. 5 శాతం పోతే 5.3 శాతం రావాలి, 10 శాతం పోతే 11.1 శాతం రావాలి. 30 శాతం దగ్గర అవసరమైన లాభం 43 శాతానికి చేరుతుంది, 50 దాటాక లెక్క నిటారుగా లేస్తుంది. 80 శాతం నష్టానికి 400 శాతం లాభం కావాలి, 90 శాతం నష్టానికి 900 శాతం. ఈ చివరి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 80 నుంచి 90కి వెళ్లడమంటే మరో పది శాతమే కదా అనిపిస్తుంది. కాని 80 శాతం పోయినవాడి చేతిలో ఉన్నది ఇరవై, 90 శాతం పోయినవాడి చేతిలో ఉన్నది పది. అంటే ఆ రెండు అంకెల మధ్య మిగిలిన సొమ్ము మళ్లీ సగమైంది. తొంభై శాతం పడిపోయిన షేరును ‘ఇక పడటానికి ఏముంది’ అంటూ చూపించేవారికి సమాధానం ఇదే: ఎనభై శాతం పడిన తరువాత మళ్లీ సగం పడితే దొరికే స్థానం అది, తొంభై దగ్గర కొన్న వ్యక్తి డబ్బు కూడా అలాగే మరోసారి సగం కావచ్చు.

డ్రాడౌన్ అనే మాటను ఇక్కడ కొంత జాగ్రత్తగా వాడాలి. అది కొన్న ధర నుంచి కొలిచే నష్టం కాదు, అప్పటివరకు చేరిన అత్యధిక విలువ నుంచి ఇప్పుడు ఎంత కిందికి వచ్చామన్న కొలత. ఒకరు 40 దగ్గర కొన్న ఆస్తి 100కి పెరిగి తరువాత 60కి దిగితే, వారి సొంత ఖాతా లాభంలోనే ఉంటుంది కాని డ్రాడౌన్ 40 శాతం అవుతుంది. ఒక కాలంలోని పతనాలలో అన్నిటికంటె లోతైనదాన్ని గరిష్ఠ డ్రాడౌన్ అంటారు. పతనం నడుస్తున్నంతకాలం ఆ అడుగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వెనక్కి తిరిగి చూసినప్పుడే అది అడుగు అని తేలుతుంది. డ్రాడౌన్ గురించిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ సంగతి మరచినందువల్ల వచ్చేవే.

ఇందుకు అమెరికా షేర్ల సూచీ అయిన నాస్‌డాక్ కాంపోజిట్ మంచి ఉదాహరణ. 2000 మార్చి 10న ఆ సూచీ 5,048.62 దగ్గర ముగిసింది. ఆ ఏడాది చివరి రోజున అది 2,470.52 దగ్గర ఉంది. శిఖరం నుంచి లెక్కిస్తే పతనం 51 శాతం, శిఖరాన్ని తిరిగి అందుకోవడానికి కావలసిన లాభం దాదాపు 104 శాతం. ఇప్పటికే సగం పోయింది కనుక ప్రమాదమూ సగానికి తగ్గిందని ఆ రోజున ఒకరు అనుకున్నారనీ, ఆ ధర దగ్గర కొన్నారనీ అనుకుందాం. 2002 అక్టోబరు 9న సూచీ 1,114.11 దగ్గర అడుగు తాకింది. శిఖరం నుంచి మొత్తం పతనం అప్పటికి 78 శాతం.

51 నుంచి 78కి తేడా 27 మాత్రమే. పత్రికలో చదివేవారికి అది అప్పటికే పడిన ఇంటికి మరికొంత గోడ కూలినట్టే కనిపిస్తుంది. కాని 2,470 దగ్గర కొన్నవారి వైపు నుంచి చూస్తే, వారి సొమ్ములో 55 శాతం పోయింది. అంటే మొదటి అంచెలో శిఖరం దగ్గర కొన్నవారు పోగొట్టుకున్నదాని కంటె కూడా నిష్పత్తిలో ఎక్కువ. రెండు అంచెలనూ కలపడానికి 51కి 55 కూడితే 106 వస్తుంది, అది అసాధ్యం. కూడవలసినవి నష్టాలు కావు, గుణించవలసినవి మిగిలిన భాగాలు. మొదటి అంచెలో 0.489 మిగిలింది, రెండో అంచెలో అందులో 0.451 మిగిలింది. రెండిటినీ గుణిస్తే సుమారు 0.22 వస్తుంది, అదే 78 శాతం పతనం. ఆ రెండో అంచె పూర్తయ్యేసరికి, శిఖరాన్ని అందుకోవడానికి కావలసిన లాభం 104 శాతం నుంచి 353 శాతానికి పెరిగింది.

సూచీ ఆ పాత శిఖరాన్ని దాటి ముగిసింది 2015 ఏప్రిల్ 23న, 5,056.06 దగ్గర. అడుగు నుంచి అక్కడికి పన్నెండున్నర సంవత్సరాలు పట్టింది. ఆ పన్నెండున్నరేళ్లలో సూచీ పెరిగిన వేగాన్ని చక్రవడ్డీ పద్ధతిలో లెక్కిస్తే ఏడాదికి సుమారు 12.8 శాతం వస్తుంది. అది మందకొడి వేగం కాదు, మధ్యలో 2008 నాటి పతనం కూడా అందులోనే కలిసి ఉంది. అయినా శిఖరం దగ్గర కొని అలాగే పట్టుకుని కూర్చున్నవారికి ఆ వేగమంతా కేవలం మొదటి గీత దగ్గరికి తిరిగి చేర్చడానికే సరిపోయింది. డివిడెండ్లను ఇందులో కలపలేదు, కలిపితే ఆ తేదీ కొంత త్వరగా వస్తుంది. ధరల పెరుగుదలను తీసివేయలేదు, తీసివేస్తే తేదీ ఇంకా ఆలస్యమవుతుంది. అదే పన్నెండున్నరేళ్లు అడుగున కొన్నవారికి నాలుగున్నర రెట్లు ఇచ్చాయన్నదీ నిజమే. సూచీ ఒక్కటే, వేగం ఒక్కటే, ఎవరి హారం ఏమిటన్నదే తేడా.

ఇదే లెక్క మరో రూపంలో సగటుల మాటున దాగుతుంది. ఒక ఏడాది 50 శాతం లాభం, మరుసటి ఏడాది 50 శాతం నష్టం వచ్చిందంటే సగటు రాబడి సున్నా అని చెప్పవచ్చు, అది అంకగణితం ప్రకారం తప్పు కూడా కాదు. కాని వంద 150 అయి, 150 సగమై 75 దగ్గర ఆగుతుంది. ముందు నష్టం, తరువాత లాభం వచ్చినా 75 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే 1.5ను 0.5తో గుణించినా, 0.5ను 1.5తో గుణించినా లబ్ధం ఒక్కటే. ముందు వచ్చిన నష్టమే ప్రమాదకరమని కొందరు అంటారు. మధ్యలో సొమ్ము వేయడం, తీయడం లేనంతవరకు ఆ మాటకు ఆధారం లేదు. ఒకే శాతంలో ఒక లాభమూ ఒక నష్టమూ వస్తే కలిగే లోటు ఆ శాతపు వర్గానికి సమానం: 1 శాతం ఊగితే లోటు 0.01 శాతం, 10 శాతం ఊగితే 1 శాతం, 50 శాతం ఊగితే 25 శాతం. ఊగిసలాట పదింతలైతే లోటు వందింతలవుతుంది. అందువల్ల సగటు రాబడి అన్న మాట కనబడ్డప్పుడల్లా అది ఏటేటి రాబడులను కూడి భాగించిన సగటా, లేక మొదటి విలువ నుంచి చివరి విలువకు లెక్కించిన చక్రవృద్ధి రేటా అని అడగవలసి ఉంటుంది. రెండోది మాత్రమే చేతిలో ఉన్న సొమ్ము గురించి చెబుతుంది.

ఇంతవరకు చెప్పినది విని, కోలుకోవడం పడిపోవడం కంటె రెండింతలు కష్టమని ముగించేవారు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో ఆ మాట సగమే నిజం. వంద నుంచి యాభైకి దిగడం ఒక ‘సగం’, యాభై నుంచి వందకు ఎక్కడం ఒక ‘రెట్టింపు’. గుణకారపు కొలబద్దపై, అంటే సహజ సంవర్గమానంలో, ఈ రెండిటి దూరమూ సరిగ్గా సమానమే: ఒకటి మైనస్ 0.693, రెండోది ప్లస్ 0.693. యాభై, వంద అనే అంకెల మధ్య కనిపించే వికృతి కొంతవరకు శాతం అనే కొలతదే. ఆస్తి ధర రెట్టింపు కావడం సంభవమా అసంభవమా అన్నది ఈ సూత్రం చెప్పదు, చెప్పలేదు. అది ఆ ఆస్తి వెనక ఉన్న ఆదాయంపైనా, కొనేవారిపైనా ఆధారపడిన విషయం.

నిజమైన బరువు ఎక్కడ ఉందంటే కాలంలో ఉంది. సొమ్ము ఏడాదికి స్థిరంగా 8 శాతం పెరుగుతుందని అనుకుంటే, 20 శాతం నష్టాన్ని పూడ్చడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది, 50 శాతానికి తొమ్మిదేళ్లు, 90 శాతానికి ముప్పై ఏళ్లు. పతనం వారాల్లోనో నెలల్లోనో పూర్తి కావచ్చు, పూడిక మాత్రం సాధారణ రాబడి వేగంతోనే నడవాలి. ఏ మార్కెట్టూ ఇలా ఏటా స్థిరంగా 8 శాతం ఇవ్వదు కనుక ఈ సంవత్సరాలను జోస్యంగా తీసుకోకూడదు, ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి మాత్రమే అవి పనికివస్తాయి.

ఖాతాలో సొమ్ము వేస్తూ తీస్తూ ఉండేవారికి ఇంకొక చిక్కు ఎదురవుతుంది. ఖాతా నిల్వ డ్రాడౌన్‌ను దాచిపెడుతుంది. ఉదాహరణకు ఒక ఖాతాలో 10,000 ఉందనుకుందాం, కరెన్సీ ఏదైనా సరే. మార్కెట్ 40 శాతం పడి నిల్వ 6,000 అయింది. ఖాతాదారు మరో 3,000 వేశారు. తరువాత మార్కెట్ 15 శాతం పెరిగింది. ఇప్పుడు నిల్వ 10,350. తెరపై కనిపించే అంకె పాత శిఖరాన్ని దాటింది కనుక గండం గడిచిందని ఎవరికైనా అనిపిస్తుంది.

దీన్ని పరీక్షించడానికి మ్యూచువల్ ఫండ్లు వాడే యూనిట్ విలువ పద్ధతిని సొంత ఖాతాకు కూడా వర్తింపజేయవచ్చు. మొదటి 10,000ను, ఒక్కొక్కటి 100 చొప్పున, 100 యూనిట్లుగా భావించాలి. 40 శాతం పతనంతో యూనిట్ విలువ 60కి దిగింది. కొత్తగా వేసిన 3,000కు 60 చొప్పున 50 యూనిట్లు వచ్చాయి, మొత్తం 150. మార్కెట్ 15 శాతం పెరిగాక యూనిట్ విలువ 69. నిల్వ 150 ఇంటు 69, అంటే 10,350, అది సరిపోయింది. కాని 100 నుంచి 69కి దిగిన యూనిట్ ఇంకా 31 శాతం డ్రాడౌన్‌లోనే ఉంది, అది 100కు చేరాలంటే ఇంకా సుమారు 45 శాతం పెరగాలి. సొమ్ము వేసినప్పుడు యూనిట్ల సంఖ్య మారుతుంది, యూనిట్ విలువ మారదు. మార్కెట్ కదిలినప్పుడు యూనిట్ విలువ మారుతుంది, సంఖ్య మారదు. ఈ రెండిటినీ విడదీసి రాసుకుంటే ఏది జమ, ఏది కోలుకోవడం అన్నది తేటతెల్లమవుతుంది.

అయితే ఆ ఖాతాదారు సొంతంగా నష్టం లేకుండా బయటపడటానికి 45 శాతం అవసరం లేదు. వారు మొత్తం వేసినది 13,000, ఉన్నది 10,350 కనుక 25.6 శాతం పెరిగితే పెట్టిన సొమ్ము తిరిగి వస్తుంది. తక్కువ ధరలో మరికొంత కొని సగటు తగ్గించుకోవడమంటే ఇదే. ఇందులో మోసమేమీ లేదు, కాని ఇది మొదటి 10,000 కోలుకున్నట్టు కాదు. రెండోసారి వేసిన 3,000 సంపాదించే లాభంతో మొదటిదాని నష్టాన్ని పూడుస్తున్నామంతే, అందుకోసం ఆ 3,000ను కూడా అదే ప్రమాదంలో నిలబెట్టాము.

తీసేవారి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. నిల్వ సగానికి పడి 50 దగ్గర ఉన్నప్పుడు ఖర్చులకు 5 తీశారంటే మిగిలింది 45. ఆ తరువాత మార్కెట్ పూర్తిగా కోలుకుని రెట్టింపైనా వారి నిల్వ 90 దగ్గరే ఆగుతుంది. ఇందాక వరుస క్రమానికి ప్రాధాన్యం లేదని చెప్పాను, అది ఇక్కడ చెల్లదు. పతనం మధ్యలో అమ్మిన యూనిట్లు తరువాతి పెరుగుదలలో పాలుపంచుకోవు కనుక, తీసుకుని తినేవారికి నష్టం ముందు వస్తుందా వెనక వస్తుందా అన్నది చాలా పెద్ద తేడా.

అప్పు కలిసినప్పుడు లెక్క మరింత వికటిస్తుంది. సొంత సొమ్ము 50కి మరో 50 బ్రోకర్ దగ్గర అప్పు తీసుకుని 100 విలువైన ఆస్తి కొన్నారనుకుందాం. ఆస్తి 30 శాతం పడి 70 అయింది. అప్పు 50 అలాగే ఉంది కనుక సొంత భాగం 20కి దిగింది, అది 60 శాతం నష్టం. ఆస్తిని అలాగే ఉంచుకోగలిగితే అది 43 శాతం పెరిగి మళ్లీ 100 అయినప్పుడు, వడ్డీని పక్కన పెడితే, సొంత భాగం కూడా 50కి చేరుతుంది. కాని ఉంచుకునే నిర్ణయం ఆ దశలో వారి చేతిలో ఉండకపోవచ్చు. సొంత భాగం నిర్ణీత కనీస నిష్పత్తి కంటె తగ్గితే బ్రోకర్ అదనపు సొమ్ము అడుగుతాడు, రాకపోతే ఆస్తిని అమ్మి అప్పు తీర్చుకుంటాడు. అప్పుడు చేతికి వచ్చిన 20ని అప్పు లేకుండా మళ్లీ 50 చేయాలంటే కావలసినది 43 కాదు, 150 శాతం. మార్కెట్ ఆ మరునాడే లేచి పాత ధరకు చేరినా ఆ 20కి ఒరిగేది తక్కువే. అప్పుతో ఆడేవారి డ్రాడౌన్‌ను ఆస్తి డ్రాడౌన్‌తో పోల్చి ధైర్యం చెప్పుకోవడం అందుకే కుదరదు.

తరచుగా ట్రేడింగ్ చేసేవారి దగ్గర ఈ లెక్క ఒక్కో ట్రేడ్‌లో ఎంత పణంగా పెట్టాలన్న ప్రశ్నగా మారుతుంది. ప్రతిసారీ అప్పటి నిల్వలో 2 శాతం పోగొట్టుకునేలా ఆడే వ్యక్తికి వరుసగా పది దెబ్బలు తగిలితే నిల్వలో 81.7 శాతం మిగులుతుంది, పూడ్చడానికి 22.4 శాతం లాభం కావాలి. ప్రతిసారీ 10 శాతం పణంగా పెట్టే వ్యక్తికి అవే పది దెబ్బల తరువాత 34.9 శాతం మిగులుతుంది, పూడ్చడానికి 187 శాతం కావాలి. పణం ఐదింతలు, అవసరమైన లాభం ఎనిమిదింతలకు పైన.

ఇక్కడ ఒక వింత ఉంది. గెలిచినప్పుడు కూడా అదే శాతం వస్తుందనుకుంటే, మొదటి వ్యక్తి కోలుకోవడానికి పదకొండు గెలుపులు కావాలి, రెండో వ్యక్తికి పన్నెండు. అంటే ఒక్కటే తేడా. గుణకారపు కొలబద్దపై దిగడమూ ఎక్కడమూ సమానదూరమని ఇందాక చెప్పుకున్నది ఇక్కడ అంకెల్లో కనబడుతోంది. కాని మూడింట రెండు వంతులు పోగొట్టుకున్న మనిషి మళ్లీ అదే 10 శాతం పెట్టి కూర్చోవాలి, మరో పది దెబ్బలు వరుసగా తగిలితే మొదటి సొమ్ములో మిగిలేది 12 శాతమే. ఆ భయంతో పణాన్ని 2 శాతానికి తగ్గించుకుంటే, మధ్యలో ఒక్క ఓటమి కూడా లేకుండా యాభై నాలుగుసార్లు గెలవాలి.